వస్తువు వాపసు విధానం

'''వాపసు విధానం''' అనగా అమ్మిన వస్తువును విక్రేత ఎప్పటిలోగా, ఏ స్థితిలో, ఎవరి ఖర్చుతో తిరిగి తీసుకొనునో తెలిపే లిఖిత నియమావళి.

== చట్టం ==
వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న వస్తువును బిల్లుపై తెలిపిన గడువులోగా, గడువు తెలపనిచో 30 రోజులలోగా, వెనుకకు తీసుకొనుటకు నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. కనుక "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే వాక్యం లోపమున్న సరుకు విషయంలో విక్రేతను కాపాడదు. కేవలం నచ్చని సరుకు విషయంలో మాత్రం నిర్ణయం విక్రేతదే.

== ఉదాహరణ ==
కొవ్వూరు నుండి ఒక చిన్న విక్రేత 1,200 రూపాయల నేత చీరను, 80 రూపాయల కొరియర్ ఖర్చు అదనంగా తీసుకొని, హైదరాబాదుకు పంపాడనుకుందాం.

* '''గడువు:''' "7 రోజులలో వాపసు" అని మాత్రమే వ్రాస్తే లెక్క పంపిన నాటి నుండా, అందిన నాటి నుండా అనే వివాదం వస్తుంది. "చీర అందిన మరునాటి నుండి 7 రోజులలోగా తెలియజేయాలి, తెలిపిన 5 రోజులలోగా తిరిగి పంపాలి" అనేది స్పష్టం. ఈ గడువును బిల్లుపై కూడా ముద్రించాలి.
* '''స్థితి:''' "మంచి స్థితిలో" అనడానికి బదులు "ఉతకని, ఫాల్ కుట్టని, జాకెట్టు ముక్క కత్తిరించని చీర" అని వ్రాయాలి. ఇది నచ్చక పంపే చీరకే వర్తిస్తుంది. నేతలోని చిరుగు ఫాల్ కుట్టేటప్పుడే బయటపడవచ్చు.
* '''రవాణా ఖర్చు:''' లోపమున్నా, వేరే చీర వచ్చినా విక్రేత 1,280 రూపాయలు తిరిగి ఇచ్చి, వాపసు కొరియర్ ఖర్చు కూడా భరిస్తాడు. నచ్చక పంపితే కొనుగోలుదారుకు 1,200 మాత్రమే వస్తుంది. రానుపోను ఖర్చు ఆమెదే.