ఆ 26 రూపాయలు ఎలా వచ్చాయి?

కొత్తగా సేవింగ్స్ ఖాతా తెరిచిన మూడు నెలలకు పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే ఒక కొత్త లైను కనిపిస్తుంది. వడ్డీ జమ 26 రూపాయలు! ‘గింతేనా? నా ఖాతాల 17 వేలు పడ్డయి గదా’ అనుకుంటారు. 17 వేలకు 2.5 శాతం చొప్పున మూడు నెలల వడ్డీ 106 రూపాయలు రావాలి కదా అన్నది మీ లెక్క. బ్యాంకు తప్పు చేయలేదు. 17 వేలు మీ ఖాతాలో ఎన్ని రోజులు ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

హన్మకొండలో హాస్టల్లో ఉంటూ మొదటి ఉద్యోగంలో చేరారనుకోండి. జులై 1న 2,000 రూపాయలతో ఖాతా తెరిచారు. ఆగస్టు 1న జీతం 15,000 పడింది. 5న హాస్టల్ ఫీజుకూ ఇంటికీ కలిపి 9,000 పంపారు. 20న మరో 5,000 తీశారు. సెప్టెంబరు జీతం ఆలస్యమైంది కాబట్టి 30 దాకా 3,000 అలాగే ఉన్నాయి.

బ్యాంకు కంప్యూటర్ ప్రతి రాత్రీ ఆ రోజు చివరికి మిగిలిన నిల్వను లెక్కలోకి తీసుకుంటుంది. పొద్దున వేసి సాయంత్రం తీసేసిన డబ్బుకు వడ్డీ ఉండదు. రాత్రి మిగిలితేనే లెక్క. జులైలో 31 రోజులు 2,000 చొప్పున ఉన్నాయి కాబట్టి 62,000. ఆగస్టు మొదటి నాలుగు రోజులు 17,000 చొప్పున 68,000. 5 నుంచి 19 దాకా 15 రోజులు 8,000 చొప్పున 1,20,000. 20 నుంచి సెప్టెంబరు 30 దాకా 42 రోజులు 3,000 చొప్పున 1,26,000. అన్నీ కలిపితే 3,76,000. దీన్ని వడ్డీ రేటుతో హెచ్చవేసి 36,500తో భాగించాలి (365 రోజులు, శాతానికి వంద). స్టేట్ బ్యాంకులో 2025 జూన్ 15 నుంచి అమలైన 2.5 శాతంతో వేస్తే 25.75 వస్తుంది. వడ్డీని దగ్గరి రూపాయికి సరిచేస్తారు కనుక 26. మీ 17 వేలు పనిచేసింది నాలుగు రాత్రులే. రాత్రికి రూపాయీ పావలా కూడా రాలేదు.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. 2010 ఏప్రిల్ 1కి ముందు నెలలో పదో తేదీ నుంచి చివరి రోజు దాకా ఉన్న అతి తక్కువ నిల్వకే వడ్డీ ఇచ్చేవారు. రిజర్వు బ్యాంకు ఆదేశంతో ఆ రోజు నుంచి రోజువారీ లెక్క వచ్చింది. పాత పద్ధతిలో మీకు జులైకి 2,000, ఆగస్టుకూ సెప్టెంబరుకూ 3,000 చొప్పున మాత్రమే లెక్కకొచ్చేవి. అదే 2.5 శాతానికి దాదాపు 17 రూపాయలు. ఆగస్టు 19 దాకా ఉంచిన 8,000కు విలువే ఉండేది కాదు.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో ఇప్పటికీ పదో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వే ఆధారం. అక్కడ రేటు 4 శాతం, కానీ ఏడాదికోసారి మార్చి చివర్లో జమవుతుంది. మీ డబ్బునే అక్కడ పెట్టి చూస్తే ఈ మూడు నెలలకు సుమారు 27 రూపాయలు. రేటు చూస్తే ఒకటిన్నర శాతం ఎక్కువ, చేతికొచ్చేది ఒక్క రూపాయి తేడా! జీతం పడగానే ఖర్చయ్యే ఖాతాకు రోజువారీ లెక్క ఎంత మేలో ఇక్కడ తెలుస్తుంది. కదపకుండా ఉంచే డబ్బయితే మాత్రం పోస్టాఫీసుదే పైచేయి. అక్కడ వేయాలంటే పదో తేదీలోపే వేయండి. 11న వేస్తే ఆ నెల వడ్డీ లేనట్టే.

మరి రోజూ లెక్కకట్టే వడ్డీ రోజూ కనిపించదేం? బ్యాంకు దాన్ని పక్కన రాసుకుంటూ పోయి, కనీసం మూడు నెలలకోసారి జమచేయాలన్నది నిబంధన. జమయ్యేదాకా అది మీ నిల్వలో చేరదు, దానిపై వడ్డీ పుట్టదు. 26 రూపాయలు ఖాతాలో పడ్డ రోజు నుంచి అవి కూడా అసలులో భాగమే. కొన్ని బ్యాంకులు త్రైమాసికం ముగియడానికి కొద్దిరోజుల ముందే జమచేస్తాయి. అప్పుడు మిగిలిన రోజుల వడ్డీ తర్వాతి విడతలో వస్తుంది. మీ లెక్కకూ పాస్‌బుక్‌కూ రూపాయో రెండో తేడా వస్తే ముందు చూడాల్సింది ఏ తేదీ దాకా కట్టారన్నదే.

ఇంకో పొరపాటు చెక్కుతో జరుగుతుంది. స్లిప్పు మీద తేదీ కాదు, సొమ్ము నిజంగా ఖాతాలో చేరిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఉద్యోగం మారి మధ్యలో ఖాతా మూసేస్తుంటే, త్రైమాసికం పూర్తికాలేదు కదా అని వడ్డీ వదులుకోనక్కర్లేదు. మూసేముందు రోజు దాకా పోగైన వడ్డీ కూడా చివరి మొత్తంలో కలిసిందో లేదో కౌంటర్‌లోనే అడిగి చూసుకోండి.