గుర్తులతో తేలే ఆకారం

x² + y² + z² + 4xy + 4yz + 4zx = 1 అనే సమీకరణంలో గుణకాలన్నీ ధనాత్మకమే. x² + y² + z² = 1 గోళం కాబట్టి, ఇది కూడా కాస్త సాగిన గోళం, అంటే ఎలిప్సాయిడ్, అయి ఉంటుందని అనిపిస్తుంది. నిజానికి ఇది రెండు విడి ముక్కలుగా ఉండే హైపర్బొలాయిడ్. పొరబాటుకు కారణం xy, yz, zx పదాలు. అవి ఉంటే ఉపరితలం అసలు అక్షాలు x, y, z అక్షాలతో కలవకుండా వేరే దిశల్లో ఉండవచ్చు.

ఆ అసలు అక్షాలను పట్టుకోవడానికి గుణకాలను 3×3 సౌష్ఠవ మాత్రికగా రాస్తారు. వర్గపదాల గుణకాలు వికర్ణంలో ఉంటాయి. xy వంటి పదాల గుణకాన్ని సగం చేసి మిగతా చోట్ల పెట్టాలి. ఇక్కడ వికర్ణంలో అన్నీ 1, మిగతావన్నీ 2. ఈ మాత్రిక (1,1,1) దిశను మార్చదు, దాన్ని 1+2+2 = 5 రెట్లు చేస్తుంది. ఆ దిశకు లంబంగా ఉన్న (1,−1,0) వంటి దిశలను 1−2 = −1తో గుణిస్తుంది. అంటే ఐగెన్ విలువలు 5, −1, −1. అక్షాలను ఆ దిశలకు తిప్పితే సమీకరణం 5u² − v² − w² = 1 అవుతుంది. x+y+z = 0 తలం మీద u సున్నా. అక్కడ ఎడమవైపు విలువ ఎప్పటికీ 1 కాలేదు. ఉపరితలం ఆ తలానికి అటొక ముక్క, ఇటొక ముక్కగా విడిపోయేది అందుకే.

కుడివైపు ధనసంఖ్య ఉన్నప్పుడు మూడు ఐగెన్ విలువలూ ధనాత్మకమైతే ఎలిప్సాయిడ్. రెండు ధన, ఒకటి రుణమైతే థర్మల్ విద్యుత్ కేంద్రాల కూలింగ్ టవర్ల మాదిరి ఒకే ముక్కగా ఉండే హైపర్బొలాయిడ్. ఒకటి ధన, రెండు రుణమైతే రెండు ముక్కలది. మూడూ రుణమైతే వాస్తవ బిందువే ఉండదు. విలువలు ఎంతన్నది ఆకారపు కొలతలను మాత్రమే నిర్ణయిస్తుంది, రకాన్ని తేల్చేవి గుర్తులే.

మాత్రిక నిర్ధారకం ఒక్కటే చూసి ఊరుకోవడం చాలదు. పై ఉదాహరణలో అది 5. కానీ ధన నిర్ధారకం మూడు ధనవిలువల వల్ల రావచ్చు, రెండు రుణవిలువల వల్లా రావచ్చు.

అదే సమీకరణంలో 4 స్థానంలో 1 ఉంటే ఐగెన్ విలువలు 2, ½, ½ అవుతాయి. అప్పుడది నిజంగానే ఎలిప్సాయిడ్. ఇక్కడ గుణకాన్ని సగం చేయడం మరిచిపోతే 3, 0, 0 వస్తాయి, రకమే మారిపోతుంది. నిజంగా సున్నా వచ్చేది గుణకం 2 అయినప్పుడు. సమీకరణం (x+y+z)² = 1గా మారి, ఉపరితలం రెండు సమాంతర తలాలవుతుంది. గుణకం 2 దాటగానే రెండు ముక్కల హైపర్బొలాయిడ్ మొదలవుతుంది. కంప్యూటర్ లెక్కలో ఐగెన్ విలువ సున్నాకు మరీ దగ్గరగా వస్తే, దాని గుర్తు దశాంశాల సవరింపు వల్ల కూడా వచ్చి ఉండవచ్చు. దాన్ని నమ్మి రకం చెప్పకూడదు.

సమీకరణంలో x, y, z ఒంటరిగా ఉన్న పదాలుంటే, ఐగెన్ విలువల్లో సున్నా లేనంతవరకు, ముందు మూలబిందువును ఉపరితల కేంద్రానికి జరపాలి. ఐగెన్ విలువలు మారవు, కుడివైపు సంఖ్య మారవచ్చు. అది సున్నా అయి, గుర్తులు మిశ్రమంగా ఉంటే శంకువు వస్తుంది. రుణమైతే సమీకరణం మొత్తాన్ని −1తో గుణించి, మారిన గుర్తులను లెక్కించాలి. మొదటి ఉదాహరణలో 1కి బదులు −1 ఉంటే గుర్తులు రెండు ధన, ఒకటి రుణం అవుతాయి, రెండు ముక్కలూ కలిసి ఒకే ముక్కగల హైపర్బొలాయిడ్ ఏర్పడుతుంది.