పీడీఎఫ్ పేజీలు బొమ్మలుగా మారేటప్పుడు

పీడీఎఫ్‌లో అక్షరాలు చుక్కలుగా ఉండవు. వాటి ఆకారాన్ని చెప్పే గీతలుగా ఉంటాయి. అందుకే ఎంత పెద్దది చేసి చూసినా అంచులు చెదరవు. పేజీని బొమ్మగా మార్చినప్పుడు ఆ గీతలన్నీ పిక్సెళ్లవుతాయి. ఎన్ని పిక్సెళ్లు కావాలో ఆ ఒక్కసారే నిర్ణయించాలి. ఆ తర్వాత బొమ్మను సాగదీసినా కొత్త స్పష్టత రాదు.

ఈ నిర్ణయానికి కొలమానం డీపీఐ, అంటే ఒక అంగుళంలో పట్టే చుక్కల సంఖ్య. పీడీఎఫ్ లెక్కలో అంగుళానికి 72 పాయింట్లు. పది పాయింట్ల తెలుగు అక్షరం 72 డీపీఐ వద్ద పది పిక్సెళ్ల ఎత్తులోనే ఇమడాలి. దాని కింది వత్తుకు మిగిలేది మూడు నాలుగు పిక్సెళ్లే కాబట్టి అది అలుక్కుపోతుంది. 300 డీపీఐ వద్ద అదే అక్షరానికి 40కి పైగా పిక్సెళ్లు దక్కుతాయి, వత్తులు విడివిడిగా కనిపిస్తాయి.

ఎనిమిది ఏ4 పేజీల గ్రంథాలయ వార్తాపత్రికను వాట్సాప్‌లో పంచాలనుకుందాం. పాప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లో ఈ ఒక్క ఆదేశం చాలు:

```
pdftoppm -png -r 300 patrika.pdf page
```

దీంతో `page-1.png` నుంచి `page-8.png` వరకు ఎనిమిది ఫైళ్లు తయారవుతాయి. ఒక్కో బొమ్మ సుమారు 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. అక్షరాలే ఎక్కువగా ఉన్న పేజీలకు పీఎన్‌జీ మేలు. జేపీఈజీ ఫైలు బరువు తగ్గించే క్రమంలో అక్షరాల అంచుల చుట్టూ మసక మరకలు వదులుతుంది. నిండా ఫొటోలున్న పేజీకి మాత్రం జేపీఈజీ సరిపోతుంది.

ఇంత శ్రద్ధగా చేసిన బొమ్మను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది. హెచ్‌డీ ఎంచుకుంటే నష్టం తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే బొమ్మ ఉన్నదున్నట్టు చేరుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చిక్కు వేరు. అక్కడి నిలువు చట్రం కంటే ఏ4 పేజీ పొడవైనది కాబట్టి పైనా కిందా తెగిపోతుంది. పేజీకి రెండు పక్కలా తెల్లని ఖాళీ జోడిస్తే ఏదీ తెగదు. అప్పుడు అక్షరాలు మరింత చిన్నవవుతాయి కనుక, ఆ పేజీని పెద్ద అక్షరాలతో మళ్లీ కూర్చడమే మంచిది.

రెండు సందర్భాల్లో డీపీఐ పెంచినా ఫలితం ఉండదు. పీడీఎఫ్ స్కాన్ చేసినదైతే స్కాన్‌లో లేని వివరం బొమ్మలోకి రాదు. తెలుగు ఫాంటును పీడీఎఫ్‌లో పొదగకపోతే అక్షరాలు మారిపోవచ్చు లేదా డబ్బాలుగా రావచ్చు. దీన్ని ముందే కనిపెట్టడానికి `pdffonts patrika.pdf` అని ఇచ్చి `emb` వరుస చూడాలి. అక్కడ `no` అని ఉంటే, ఫాంటును పొదిగి పీడీఎఫ్‌ను మళ్లీ తయారు చేయించుకోవాలి. పంచే ముందు ఒక పేజీని ఫోన్‌లో తెరిచి, అతి చిన్న అక్షరాల్లోని వత్తులు చదవగలిగేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి.