ఒక్క క్లిక్కు, రెండు జవాబులు

పవర్ బీఐ రిపోర్టులో ఒక చార్టు మీద నొక్కితే ఆ పేజీలోని మిగతా చార్టులూ మారిపోతాయి. ఆ మార్పు రెండు రకాలు: క్రాస్ ఫిల్టరింగ్, క్రాస్ హైలైటింగ్.

విజయవాడ, గుంటూరు, వరంగల్‌లలో శాఖలున్న ఒక చీరల దుకాణం ఉందనుకుందాం. రిపోర్టు పేజీలో శాఖలవారీ బార్ చార్టు, నెలవారీ అమ్మకాల కాలమ్ చార్టు, మొత్తం అమ్మకాలు చూపే కార్డు ఉన్నాయి. అక్టోబరులో మూడు శాఖలూ కలిసి 40 లక్షలు అమ్మాయి. అందులో వరంగల్ వాటా 8 లక్షలు.

యజమాని వరంగల్ బార్ మీద నొక్కారు. నెలవారీ చార్టులో 40 లక్షల కాలమ్ వెలిసిపోయి, అందులో 8 లక్షల మేర మాత్రమే ముదురు రంగులో నిలిచింది. ఇది హైలైటింగ్. మొత్తంలో వరంగల్ ఎంతో చూడగానే తెలుస్తుంది. కానీ ఏ నెలలో వరంగల్ పుంజుకుంది, ఎప్పుడు తగ్గింది అని అడిగితే ఆ చిన్న ముక్కల్లో తేడా కనబడదు.

దానికి ఫిల్టరింగ్ కావాలి. అప్పుడు మిగతా శాఖల లెక్కలు చార్టులోంచి పూర్తిగా తప్పుకుంటాయి. పక్కనున్న స్కేలు కూడా దానంతటదే చిన్నదవుతుంది కాబట్టి వరంగల్ ఎగుడుదిగుళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. అసలు చిక్కు కూడా ఆ స్కేలుతోనే. అది మారిన సంగతి గమనించని వారికి 8 లక్షల కాలమ్ ఇందాకటి 40 లక్షలంత ఎత్తుగా కనబడుతుంది.

కాలమ్, బార్, పై చార్టులు మామూలుగా హైలైట్ అవుతాయి. లైన్ చార్టులు, టేబుళ్లు, కార్డులు ఫిల్టరే అవుతాయి. అందుకే యజమాని నొక్కగానే కార్డులోని మొత్తం కూడా వరంగల్ ఒక్కదాని అంకెకు పడిపోయింది. దాన్ని సంస్థ మొత్తం ఆదాయమనుకుంటే పొరపాటే.

ఈ తీరును మార్చుకోవచ్చు. ఎడిట్ మోడ్‌లో శాఖల చార్టును ఎంచుకుని, పైనున్న Format ట్యాబ్‌లో Edit interactions నొక్కాలి. మిగతా చార్టుల మూలల్లో చిన్న గుర్తులు ప్రత్యక్షమవుతాయి. గరాటు గుర్తు ఫిల్టర్‌కు, చిన్న చార్టు గుర్తు హైలైట్‌కు, అడ్డగీత ఉన్న వలయం ‘ఏ ప్రభావమూ వద్దు’ అనడానికి. ఇక్కడ నెలవారీ చార్టుకు గరాటును, కార్డుకు వలయాన్ని ఎంచుకుంటే సరి.

ఈ అమరిక ఒకవైపే పనిచేస్తుంది. శాఖల చార్టు కార్డును కదిలించకపోయినా, నెలవారీ చార్టులో అక్టోబరు మీద నొక్కితే కార్డు మళ్లీ మారుతుంది. దాన్నీ ఆపాలంటే ఈసారి నెలవారీ చార్టును ఎంచుకుని, కార్డు మీది వలయాన్ని మళ్లీ నొక్కాలి.