దెబ్బ వెనక మనిషి

కొట్లాట రాసేటప్పుడు ఎవరు ఎటు తిరిగారో చెబితే చాలదు. ఆ దెబ్బ వెనక ఏముందో పాఠకుడికి ముందే తెలియాలి.

మహాభారతం శల్యపర్వంలోని గదాయుద్ధమే చూడండి. నాభి కింద కొట్టకూడదన్నది నియమం. నేర్పులో దుర్యోధనుడిదే పైచేయి. అర్జునుడు తన ఎడమ తొడ చరిచి సైగ చేస్తాడు. దెబ్బ తప్పించుకోబోయి దుర్యోధనుడు పైకెగరగానే భీముడు అతడి తొడలు విరగ్గొడతాడు. నిండుసభలో ద్రౌపదికి జరిగిన అవమానం, ఆనాటి శపథం తెలిసినవారికి ఆ ఒక్క దెబ్బలోనే న్యాయమూ, అధర్మమూ రెండూ కనిపిస్తాయి.

అక్కడితో ఆగితే అది గెలుపు మాత్రమే. పడినవాడి తలను భీముడు కాలితో తన్నుతాడు. ధర్మరాజు వారిస్తాడు. బలరాముడు నాగలెత్తి మీదికొస్తాడు. ముగ్గురి స్వభావాలూ వాళ్ల కదలికల్లోనే బయటపడతాయి.

మీరు రాసిన పోరాటంలో పాత్రల పేర్లు తారుమారు చేసి చదవండి. తేడా తెలియకపోతే తిరగరాయాల్సిందే.