విత్ర్‌లో దుఆయె ఖునూత్: ఎప్పుడు చదవాలి? అర్థం ఏమిటి?

ఒక సోదరుడు నాతో ఇలా అన్నారు: "మౌలానా గారూ, నాకు ఖునూత్ నోటికి రాదు. అందుకే ఇషా తర్వాత విత్ర్ చదవకుండానే పడుకుంటున్నాను." దుఆ రాలేదని నమాజే వదిలేశారు చూడండి! ఈ రోజు ఆయన ప్రశ్నతోనే మొదలు పెడదాం.

మన ప్రాంతంలో ఎక్కువ మంది హనఫీ పద్ధతిలో మూడు రకాతులు చదువుతారు. మూడో రకాతులో ఫాతిహా, దాని తర్వాత ఒక సూరా చదివి, రుకూకి వెళ్ళకుండా, చేతులు ఎత్తి అల్లాహు అక్బర్ అని, మళ్ళీ చేతులు కట్టుకుని ఖునూత్ చదవాలి. ఇది ఏడాది పొడవునా ఉంటుంది. షాఫియీ సోదరులు రుకూ నుంచి లేచాక చదువుతారు, అదీ విత్ర్‌లో రమజాన్ రెండో సగంలోనే. కాబట్టి పక్కవాడు వేరేలా చదివితే తప్పు చదువుతున్నాడని అనుకోకండి.

మరి మర్చిపోయి రుకూలోకి వెళ్ళిపోతే? హనఫీల దగ్గర ఖునూత్ వాజిబ్. అయినా వెనక్కి లేచి నిలబడకూడదు. నమాజు పూర్తి చేసి, చివర్లో సజ్దయె సహూ చేస్తే చాలు. షాఫియీల దగ్గర ఇది సున్నత్, మరిచినా నమాజు చెల్లుతుంది.

ఇక అర్థం. ఇక్కడ కొంచెం ఆగుదాం. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తన మనవడు హసన్ (రజియల్లాహు అన్హు)కి విత్ర్ కోసం ఒక దుఆ నేర్పారు. అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. ప్రవక్త గారు పోయేనాటికి హసన్ గారికి 7, 8 ఏళ్ళే. అంటే చిన్న పిల్లాడికి నేర్పిన దుఆ ఇది! అందులో అడిగేవి ఏమిటి? నువ్వు దారి చూపినవాళ్ళలో నన్నూ చేర్చు అని, క్షేమం ఇవ్వమని, నన్ను నీ వాడిగా చేసుకోమని, ఇచ్చినదాంట్లో బర్కత్ పెట్టమని. తర్వాత, నువ్వు నిర్ణయించినదాని కీడు నుంచి కాపాడు అంటాం. ఇది అల్లాహ్ తీర్పు మీద ఫిర్యాదు కాదండి. తీర్పు నీదే, దాన్ని మార్చగలిగేవాడు వేరే లేడు, కాబట్టి నిన్నే అడుగుతున్నాను అని. వెంటనే వచ్చే మాట కూడా అదే చెబుతుంది.

ఒక చిన్న విషయం. ఒంటరిగా చదివితే "ఇహ్దినీ", అంటే నాకు. ఇమామ్ జమాఅత్‌తో చదివితే "ఇహ్దినా", అంటే మాకు. వెనకున్నవాళ్ళు ఆమీన్ అంటున్నారు కదా, తన ఒక్కడికే అడగకూడదు.

హనఫీ మస్జిదుల్లో పిల్లలకు నేర్పేది మాత్రం ఎక్కువగా "అల్లాహుమ్మ ఇన్నా నస్తఈనుక"తో మొదలయ్యే దుఆ. రెండూ సరైనవే.

ఆ సోదరుడికి నేను చెప్పింది ఇదే: నోటికి వచ్చేదాకా "రబ్బనా ఆతినా" చదవండి, హనఫీ ఉలమాలు అది సరిపోతుందన్నారు. విత్ర్ మాత్రం ఈ రాత్రి నుంచే మొదలు పెట్టండి.