బెయిలొచ్చింది, జామీనేదీ?

2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు పంచాయతీలోని ఎర్రబోడు దగ్గర ఫారెస్టు రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు హత్య జరిగింది. ప్లాంటేషన్‌లో పశువుల్ని మేపుతున్నారని అడ్డుకోవడానికి వెళ్లిన ఆయన మీద ఇద్దరు గుత్తికోయలు కత్తులతో దాడిచేశారు. తొమ్మిది నెలలు నిండకముందే, 2023 ఆగస్టు 3న, కొత్తగూడెం కోర్టు ఆ ఇద్దరికీ యావజ్జీవ శిక్ష వేసింది. పేపర్ల వరకు కథ అక్కడితో అయిపోయింది. చట్టం లెక్కలో అది సగం దారే. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద 60 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన జైలు తలుపు తెరుచుకోదు. అది విచారణకు వచ్చేదాకా శిక్షను ఆపి బయటికి పంపమని విడిగా మరో దరఖాస్తు పెట్టుకోవాలి. ఇల్లెందు నుంచి చర్ల దాకా ఈ అడవి అంచు కుటుంబాలు ఏళ్ల తరబడి చిక్కుకుపోతున్నది ఆ దరఖాస్తు దగ్గర, దాని తర్వాత వచ్చే కాగితాల దగ్గర.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 389వ సెక్షన్. 2024 జులై 1 నుంచి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 430. సంగతి మారలేదు. చిన్న శిక్షలకు దారి సులువుగానే ఉంది. దుమ్ముగూడెం మనిషికి ఏదో కొట్లాట కేసులో భద్రాచలం మేజిస్ట్రేటు రెండేళ్ల శిక్ష వేశారనుకుందాం. కేసు నడిచినన్నాళ్లూ అతను బెయిలు మీదే ఉన్నాడు. శిక్ష మూడేళ్లకు మించలేదు కాబట్టి, అప్పీలు వేసుకుంటానని చెబితే శిక్ష వేసిన కోర్టే అతన్ని కొన్నాళ్లకు విడిచిపెట్టాలి. విడవకూడని ప్రత్యేక కారణాలుంటే తప్ప ఇది కోర్టు దయ కాదు. ఆ గడువులోగా జిల్లా సెషన్స్ కోర్టులో అప్పీలు వేసి, అక్కడ అసలు సస్పెన్షన్ తెచ్చుకోవాలి. మేజిస్ట్రేటు తీర్పు మీద అప్పీలుకు 30 రోజులే గడువు.

ఇంత సులువైన చోటా మనిషి లోపలికి పోతుంటాడు. కారణం, ఆరోజు కోర్టుకు ఒంటరిగా రావడం. తీర్పు మధ్యాహ్నం చెబుతారు. వకీలు అక్కడికక్కడే పిటిషన్ రాసిస్తాడు, జడ్జి ఒప్పుకుంటారు, ఇద్దరు జామీనుదార్లను తెమ్మంటారు. ఊళ్లో వాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు పాస్‌బుక్ వెతుక్కుని, ఆటో పట్టుకుని వచ్చేసరికి కోర్టు లేచిపోతుంది. ఆ రాత్రి సబ్ జైలే. తీర్పు శుక్రవారమైతే సోమవారం దాకా అంతే. అనుభవమున్న వకీళ్లు ముందురోజే చెప్పి పంపేది ఇందుకే: 'తీర్పంటే నువ్వొక్కడివే రావొద్దు, ఇద్దర్ని కాగితాలతో సహా వెంటబెట్టుకుని రా.'

పెద్ద శిక్షల సంగతి వేరు. పదేళ్లకు తగ్గని శిక్షో, యావజ్జీవమో పడదగ్గ నేరాల్లో అప్పీలు కోర్టు ముందుగా పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి. ఇక్కడ ముద్దాయి నిర్దోషి అన్న ఊహ పనిచేయదు, ఒక కోర్టు నేరం తేల్చేసింది కదా. తీర్పు చదవగానే కంటికి కనపడే లోపం ఏదైనా ఉందా, అప్పీలు గెలిచే అవకాశం ఉందా అన్నదే హైకోర్టు చూస్తుంది. సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుంచి తూకం వేయదు. హత్య కేసుల్లో ఈ గడప చాలా ఎత్తు. అయితే అప్పీలు ఏళ్ల తరబడి విచారణకే రాకపోతే? ఐదారేళ్లు లోపలుంచి, చివరికి నిర్దోషివి పొమ్మంటే ఆ ఏళ్లు ఎవరిస్తారన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 1977లోనే, కశ్మీరా సింగ్ కేసులో, లేవనెత్తింది. దాని మీదే మన ఉమ్మడి హైకోర్టు 2016లో బచ్చు రంగారావు కేసులో ఒక లెక్క కట్టింది. తెలుగు జైళ్లలోని జీవిత ఖైదీల నోట 'ఐదేళ్ల బెయిలు' అని నలిగేది ఇదే.

లెక్క ఇదీ. యావజ్జీవం పడి, అప్పీలు హైకోర్టులో పెండింగులో ఉండి, శిక్ష పడ్డాక కనీసం ఐదేళ్లు జైల్లో గడిపిన ఖైదీ బెయిలు అడగొచ్చు. నడవడి బాగుందని జైలు సూపరింటెండెంట్ రిపోర్టు ఇవ్వాలి. ఐదేళ్లు లెక్కపెట్టేది శిక్ష పడ్డ నాటి నుంచి. అంతకుముందు రిమాండులో రెండేళ్లున్నా అది ఇందులో కలవదు. చేతబడి అనుమానంతో జరిగిన హత్యలో ఒక కోయ రైతుకు 2019 ఫిబ్రవరిలో యావజ్జీవం పడిందనుకుంటే, అతను 2017లో అరెస్టయినా సరే, అడగాల్సింది 2024 ఫిబ్రవరి తర్వాతే. బయటికొచ్చాక నెలకోసారి పోలీస్ స్టేషన్‌లో హాజరు వేయించుకోవాలి, అప్పీలు విచారణ రోజున హైకోర్టులో ఉండాలి.

ఆ తీర్పులోనే మినహాయింపుల జాబితా ఒకటుంది. మైనర్ పిల్లల మీద అత్యాచారం చేసి చంపడం, బందిపోటు దోపిడీ, డబ్బు కోసం హత్య, డబ్బు కోసం అపహరణ, ప్రభుత్వోద్యోగి హత్య, జాతీయ భద్రతా చట్టం కిందికొచ్చే నేరాలు, మత్తుపదార్థాల కేసులు. వీటిల్లో ఐదేళ్ల లెక్క పనికిరాదు. ఎర్రబోడు కేసు సూటిగా ఐదోదాని కిందికి వస్తుంది. 2028 ఆగస్టు వచ్చినా ఆ కారణం మీద బెయిలు అడగడానికి లేదు. తీర్పులో లోపం చూపించి అప్పీలు బలం మీదే అడగాలి. డ్యూటీలో ఉన్న అధికారిని నరికినవాళ్లకు ఈ వెసులుబాటు ఉండకూడదనడంలో నాకు తప్పేమీ కనిపించదు. మత్తుపదార్థాల మాట వేరు. మల్కనగిరి వైపు నుంచి చింతూరు మీదుగా వచ్చే గంజాయికి భద్రాచలం దారిలోనే ఉంది. పట్టుబడేది ఎక్కువగా బండి నడిపినవాడు, మూట మోసినవాడు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్లకు తక్కువ ఉండదు. ఈ చట్టం కింద పడిన శిక్షను కోర్టులు ఆపనే కూడదన్న నిషేధాన్ని సుప్రీంకోర్టు 2000లో, దాదూ కేసులో, చెల్లదని కొట్టేసింది. కానీ ముద్దాయి నేరం చేయలేదనీ, బయటికెళ్తే మళ్లీ చేయడనీ నమ్మడానికి ఆధారముండాలన్న 37వ సెక్షన్ షరతు అలాగే మిగిలింది. నేరం రుజువైపోయాక ఆ నమ్మకం కలిగించడం ఎంత కష్టమో వేరే చెప్పాలా!

ఇన్ని దాటి ఆర్డరు వచ్చిందనుకుందాం. ఇంత మొత్తానికి సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదార్లు, కింది కోర్టుకు తృప్తి కలిగేలా అని అందులో రాసి ఉంటుంది. అసలు కష్టం ఈ చివరి మాటలో ఉంది. జామీనుదారు ఉద్యోగైతే జీతం కాగితం చాలు. లేదంటే ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాస్‌బుక్కో, దాని విలువ ఇంతని తహసీల్దారు ఇచ్చే సర్టిఫికెటో కావాలి. పారిపోతే ఆ సొమ్ము రాబట్టుకునే వీలుండాలన్నది కోర్టు ఆలోచన.

ఇప్పుడు పోడు రైతు పట్టా చూడండి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన ఆ భూమి వారసులకు చెందుతుంది గాని, అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు. 2023 జూన్ 30న మొదలైన పోడు పట్టాల పంపిణీలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు పెద్ద వాటా వచ్చింది. నాలుగెకరాలున్న మనిషి, పట్టా చేతిలో ఉంది, అయినా 'ఇది జప్తుకు పనికిరాదు' అని కౌంటర్ దగ్గర వెనక్కి పంపితే ఏం చేస్తాడు? మామూలు పట్టా భూమి ఉన్నా 1/70 వల్ల గిరిజనేతరుడు కొనకూడదు, కాబట్టి వేలానికి విలువ రాదన్న అనుమానం ఉండనే ఉంటుంది. చివరికి తెలిసిన టీచరునో, సింగరేణి ఉద్యోగినో బతిమాలుకోవాలి. యావజ్జీవం పడ్డవాడికి జామీను పడతానని ముందుకొచ్చే టీచరు దొరకడం అంత తేలిక కాదు. దొరక్కపోతే డబ్బు తీసుకుని జామీను పడే బేరగాళ్లున్నారు. ఆ కాగితాలు దొంగవని తేలితే బెయిలూ పోతుంది, కొత్త కేసూ పడుతుంది.

వలస వచ్చిన గుత్తికోయలకైతే పట్టా మాట అటుంచి చిరునామాయే తగువు. రేంజర్ హత్య తర్వాత ఎర్రబోడు వాళ్లను ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని బెండాలపాడు పంచాయతీ తీర్మానం చేసింది. ఊరే వద్దన్న మనిషి బాండు మీద ఏ ఊరు రాస్తాడు? జామీనుదారు బస్తర్ నుంచి వస్తే పరాయి రాష్ట్రమంటారు. ఇది చట్టం కాదు, అలవాటు. 1978లో మోతీరాం కేసులో, జామీనుదారు వేరే జిల్లావాడని తోసిపుచ్చిన మేజిస్ట్రేటును జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా మందలించారు. బస్తర్‌లో పట్టుబడిన తెలుగువాడు అక్కడ ఆస్తులున్న జామీనుదారుని ఎక్కణ్నుంచి తెస్తాడని కూడా అడిగారాయన. ఇప్పుడు మనం బస్తర్ మనిషిని అదే అడుగుతున్నాం.

దీనికి మందు లేకపోలేదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు శిక్ష పడ్డవాళ్లకూ వర్తిస్తాయి. బెయిలు ఆర్డరు ఆరోజో మర్నాడో ఈమెయిల్‌లో జైలుకు చేరాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలో జామీను సమకూరకపోతే షరతులు సడలించాలా అని కోర్టే తనంతట తాను చూడొచ్చు. స్థానిక జామీనే కావాలన్న షరతు వల్ల ఆలస్యమవుతుంటే అది పెట్టవద్దని సూచన. ఈ సంగతి తెలిసిన వకీలు నెల నిండగానే 'జామీను లేకుండా సొంత బాండు మీద విడవండి, లేదా ఒక్కరితో సరిపెట్టండి' అని పిటిషన్ వేస్తాడు. తెలియనివాళ్ల ఖైదీ ఆర్డరు చేతిలో పెట్టుకుని లోపలే ఉంటాడు.

తెలియజెప్పడానికి మనిషి కలవాలి కదా. 2021లో వరంగల్ సెంట్రల్ జైలు ఖాళీ చేసి కూల్చేశాక మన వైపు జీవిత ఖైదీలు చాలామంది చర్లపల్లికి వెళ్లారు. భద్రాచలం నుంచి హైదరాబాద్ మూడొందల కిలోమీటర్ల పైమాటే. ములాఖత్‌కు వెళ్లాలంటే రెండు రోజుల కూలి పోతుంది. తీర్పు కాపీ ఖైదీకి ఉచితంగా ఇస్తారు గాని అది ఇంగ్లీషులో ఉంటుంది. డబ్బు లేనివాళ్లు జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు, వకీలును హైకోర్టు న్యాయసేవల కమిటీ పెడుతుంది. ఆ వకీలుకు ఖైదీ తరఫు ఊరివాళ్ల ఫోన్ నంబరుండదు, ఊరివాళ్లకు వకీలు పేరు తెలియదు. జామీను కాగితాల కబురు ఆ సందులోనే పోతుంది.

బయటికొచ్చినవాడు అర్థం చేసుకోవాల్సినవి రెండున్నాయి. ఆగింది శిక్షే, దోషి అన్న మచ్చ కాదు. కొత్తగూడెం తీర్పు వచ్చిన మర్నాడే, 2023 ఆగస్టు 4న, సుప్రీంకోర్టు రాహుల్ గాంధీ మీది దోష నిర్ధారణను ఆపింది. ఆయన రెండేళ్ల శిక్ష మాత్రం సూరత్ కోర్టు తీర్పు చెప్పిన మార్చి 23నే ఆగిపోయింది. ఆ నాలుగు నెలలూ ఆయన జైలుకు వెళ్లలేదు, ఎంపీగానూ లేరు. ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం చేసేవాడికీ అదే గతి, ఉద్యోగం నిలవాలంటే దోష నిర్ధారణ మీద విడిగా స్టే తెచ్చుకోవాలి, అది చాలా అరుదు. రెండోది, బయట గడిపిన కాలం శిక్షలో కలవదు. అప్పీలు ఎనిమిదేళ్లకు కొట్టేస్తే, ఆ ఎనిమిదేళ్లూ లేనట్టే లెక్కగట్టి మిగిలిన శిక్షకు లొంగిపోవాలి. లొంగకపోతే వారంటు వస్తుంది, జామీనుపడ్డ టీచరుకు నోటీసు వెళ్తుంది. అందుకే ఫోన్ నంబరు మారినా, పనికి మిర్చితోటల వైపు వలసపోయినా, వకీలుకూ జామీనుదారుకూ ముందు చెప్పి వెళ్లాలి.